మా ఆవకాయకు లిస్టింగ్ ఎలా రాయాలి: కొత్తగా రాయబోతున్న మీకు షాపు నుంచి ఒక నోట్

నమస్కారమండీ. మా పచ్చళ్ల షాపుకు లిస్టింగులు, అంటే ఆన్‌లైన్ పేజీలో ఒక్కో సరుకు కింద ఉండే వివరణలు, రాయడానికి ఒప్పుకున్నారు, చాలా సంతోషం. మీరు రాసిన శాంపిల్ చూశాను, వాక్యం బాగుంది. ఇక తెలియాల్సింది మా సరుకు గురించి. అందుకే ఫోన్‌లో చెబితే మరిచిపోయే విషయాలన్నీ ఈ నోట్‌లో పెడుతున్నాను. ఒక్క ఆవకాయనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఈ పద్ధతి పట్టుబడితే మిగతా పది పచ్చళ్లకూ అలాగే రాసుకుపోవచ్చు.

ముందు ఒక మాట. బట్టల షాపు వాళ్లు నచ్చని చీరను వెనక్కి తీసుకుని ఇంకొకరికి అమ్ముకోగలరు. మూత తీసిన పచ్చడి సీసాను మేం అలా అమ్మలేం, పారబోయాల్సిందే. రెండేళ్ల క్రితం జూన్ మొదటి వారంలో మా ఆవకాయ లిస్టింగ్‌లో "నోట్లో వేసుకుంటే కరిగిపోయే మెత్తటి ముక్కలు" అని ఉంది. అప్పటికి ఆ ఆవకాయ కలిపి మూడు వారాలే అయింది. ముక్క గట్టిగానే ఉంది, ఆ వయసులో ఉండాల్సింది కూడా అలాగే. కానీ కొన్నవాళ్లు కాయ సరిగ్గా ఊరలేదనుకున్నారు. ఆ వారంలోనే 14 సీసాలకు డబ్బు వెనక్కి ఇచ్చాం. పచ్చడిలో ఏ తప్పూ లేదు, మాటలోనే ఉంది తప్పు. అందుకని మీరు రాసే ప్రతి మాటనూ సీసా తెరిచిన మనిషి నాలుకతో సరిచూస్తారని గుర్తుపెట్టుకుని రాయండి.

మొదటి పని: సీసా తెరిచి వారం రోజులు తినండి

ప్రతి పచ్చడికీ ముందు ఒక సీసా మీ ఇంటికి పంపిస్తాం. వచ్చిన రోజే రాయడం మొదలుపెట్టకండి. మూత తీయగానే ఏ వాసన వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. వేడి అన్నంలో కలుపుకున్నప్పుడు ముందు ఏది తెలిసింది, ఉప్పా, కారమా, పులుపా, ఆవ ఘాటా? ముక్క పంటికి ఎలా తగిలింది? మూడో రోజు, ఏడో రోజు మళ్లీ చూడండి. తర్వాత పెరుగన్నంలో నంజుకుని చూడండి, అప్పుడు అదే ఆవకాయ ఇంకోలా ఉంటుంది.

ఈ వారం ఎందుకంటే, ఆవకాయ ఒకచోట ఆగే వస్తువు కాదు. ఆవపిండికి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది. పొడిగా ఉన్న ఆవపిండిని వాసన చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. మామిడి ముక్కలోని పులుసు తగిలాక ఆ ఘాటు లేచి ముక్కుకు కొడుతుంది. నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది, ముక్క మెత్తబడుతుంది, ఉప్పు, పులుపు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. మేలో పంపిన సీసా, నవంబరులో పంపిన సీసా ఒకే కుండలోవైనా రుచిలో ఒకటి కావు. కాబట్టి ఆవకాయ లిస్టింగ్‌ను ఏడాదికి మూడుసార్లు మార్చాలి. మే చివర కొత్తావకాయగా ఒకసారి, ఆగస్టులో ఒకసారి, నవంబరులో ఒకసారి రాయండి. మూడింటికీ విడిగా డబ్బిస్తాను, పాత వాక్యాలనే అటూ ఇటూ తిప్పి పంపవద్దు.

రెండో పని: సరుకు వివరాల కాగితం నింపండి

రాయడానికి కూర్చునే ముందు ఈ వివరాలు మీ ఎదురుగా ఉండాలి. ఈ సీజన్ ఆవకాయవి నేనే ఇస్తున్నాను, మిగతా పచ్చళ్లవి ఫోన్‌లో నన్ను అడిగి నింపుకోండి.

కాయ నూజివీడు వైపు తోటలది. చిన్నరసాలు, కొత్తపల్లి కొబ్బరి, ఈ రెండు రకాలే వాడాం. కాయను టెంకతో సహా కొట్టించి, లోపలి జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర కూడా తీసి, ఒక్కొక్క ముక్కనూ పొడి గుడ్డతో తుడుస్తాం. పది కిలోల ముక్కలకు కిలోన్నర కారం, కిలోన్నర ఆవపిండి, కిలోముప్పావు ఉప్పు, నాలుగు లీటర్ల నువ్వుల నూనె, 100 గ్రాముల మెంతులు వేశాం. ఈ లిస్టింగ్‌లో ఉన్నదాంట్లో వెల్లుల్లి లేదు. వెల్లుల్లి ఆవకాయ వేరే సరుకు, దానికి వేరే పేజీ ఉంది. కలిపిన మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాక సీసాల్లో పెట్టాం. కొలతలు లిస్టింగ్‌లో రాయనక్కర్లేదు. అవి మీకు తెలిసి ఉంటే, కారం ఎక్కువా ఆవ ఎక్కువా అని మీరు ఊహించి రాయాల్సిన పని ఉండదు.

ఇక్కడ మూడు చోట్ల చాలామంది జారిపోతారు.

ఒకటి నూనె. మా కోస్తాలో పప్పునూనె అంటే నువ్వుల నూనె. అదే మాట చదివి వేరుశెనగ నూనె అనుకునేవాళ్లూ ఉన్నారు. కొందరికి వేరుశెనగ పడదు. కాబట్టి ఎక్కడైనా "నువ్వుల నూనె" అనే రాయండి, "పప్పునూనె" అని మాత్రం వద్దు.

రెండు కారం. మా మిర్చి గుంటూరు యార్డులో కొన్నదే. కానీ ఆ యార్డుకు పల్నాడు, ప్రకాశం, కర్నూలు నుంచి కూడా మిర్చి వస్తుంది. "గుంటూరు సన్నం" అనే పేరుకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుంది. ఆ రకమే అని నా దగ్గర కాగితం లేనప్పుడు ఆ పేరు వాడకూడదు. "గుంటూరు యార్డులో కొన్న మిర్చి" అంటే నిజం, "గుంటూరు సన్నం" అంటే మనం రుజువు చేయలేని మాట.

మూడోది ఇంగువ. ఆవకాయలో మేం ఇంగువ వేయం, కానీ మాగాయ, టమాటా, గోంగూర పచ్చళ్ల తాలింపులో వేస్తాం. బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుస్తుంది. మేం వాడేదాంట్లో గోధుమపిండి ఉంది. ఇంతకుముందు ఒకరు టమాటా పచ్చడికి "గ్లూటెన్ ఫ్రీ" అని రాశారు. పచ్చట్లో గోధుమ ఎందుకుంటుంది అన్నది వాళ్ల లెక్క, ఇంగువ డబ్బా వెనక చదవలేదు. గోధుమ పడనివాళ్లకు అది ఒంటికి సంబంధించిన విషయం, అందుకే ఆ పేజీ చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా వంటగదిలో వాడే ప్రతి డబ్బా వెనక లేబుల్ ఫొటో అడగండి, పంపిస్తాను.

విదేశాలకు పంపే సీసాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో చేర్చారు. బ్రిటన్‌లో, యూరప్ దేశాల్లో నువ్వులతో పాటు ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మన ఆవకాయలో ఆ రెండూ ఉన్నాయి. ఏ దేశం ఆర్డరైనా సరే, "ఇందులో ఆవాలు, నువ్వుల నూనె ఉన్నాయి" అనే వాక్యం ప్రతి ఆవకాయ లిస్టింగ్‌లోనూ విడిగా ఒక లైనులో ఉండాలి.

మూడో పని: వాడకూడని మాటలు, వాటి కారణాలు

జాబితా ఇచ్చి ఊరుకోవచ్చు. కారణం తెలిస్తే నేను రాయడం మరిచిపోయిన మాటను కూడా మీరే పట్టుకుంటారు కాబట్టి అదీ చెబుతున్నాను. ఇందులో కొన్ని నా ఇష్టాయిష్టాలు కావు. దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ప్రకటనలు, క్లెయిముల మీద నిబంధనలు తెచ్చింది. ఆహార వస్తువును ఏ మాటతో వర్ణించవచ్చో అందులో ఉంది.

"ఇంట్లో చేసిన", "హోమ్ మేడ్". కొనేవాళ్లకు తప్పు అభిప్రాయం కలిగించేలా ఈ మాట వాడకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. మా పచ్చళ్లు ఇంట్లో చేయడం లేదు. లైసెన్సు ఉన్న షెడ్డులో తొమ్మిదిమంది ఆడవాళ్లు జీతానికి చేస్తారు. "అమ్మ చేతి వంట", "అమ్మమ్మ చేతి రుచి" కూడా ఇందుకే వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో రోజంతా నిలబడి ముక్కలు తుడిచేది ఆ తొమ్మిదిమంది. వాళ్ల పనిని ఎవరో ఊహలోని అమ్మమ్మ పేరు మీద రాయడం నాకు ఇష్టం లేదు.

"తాజా". కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం వంటివి తప్ప ఇంకే మార్పూ చేయని ఆహారానికే ఈ మాట. ఉప్పులో ఊరిన కాయ తాజా కాదు. కొత్తది అని చెప్పాలంటే మనకు అంతకంటే మంచి మాటే ఉంది, "కొత్తావకాయ". దాన్ని వాడండి, పక్కన కలిపిన నెల వేయండి.

"సహజం", "స్వచ్ఛం", "ప్యూర్", "నేచురల్". ఏమీ కలపని ఒక్క పదార్థానికే ఇవి చెల్లుతాయి. ఆవకాయలో ఆరు వస్తువులు కలిశాయి. వీటితో పాటు "100 శాతం" అనే మాట కూడా వద్దు. ఆహార లేబుళ్ల మీద, ప్రకటనల్లో ఆ మాట వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 మేలో కంపెనీలకు చెప్పింది.

"సాంప్రదాయ" అనే మాట తరతరాలుగా పెద్దగా మారని పద్ధతి అని చూపగలిగితేనే వాడాలి. మా ఆవకాయకు అది చెల్లుతుందనే నా నమ్మకం. కానీ ప్రతి పచ్చడికీ తగిలిస్తే ఆ మాటకు విలువ పోతుంది. మా చికెన్ పచ్చడి మేం నాలుగేళ్ల క్రితం మొదలుపెట్టింది. దానికి అసలు వాడొద్దు.

"ప్రిజర్వేటివ్స్ లేవు" గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా రాసేవాళ్లందరూ మొదట రాసేది ఇదే. సోడియం బెంజోయేట్ లాంటివి మేం కలపం, అది నిజమే. కానీ ఆవకాయ ఏడాది ఎందుకు నిలుస్తుంది? ఉప్పు వల్ల, నూనె వల్ల. మన ఆహార నిబంధనల్లో ప్రిజర్వేటివ్‌లను రెండు తరగతులు చేశారు. ఉప్పు, చక్కెర, మసాలా దినుసులు, వెనిగర్, తేనె, వంటనూనెలు మొదటి తరగతిలో ఉన్నాయి. ఆ లెక్కన మన ఆవకాయ నిండా ప్రిజర్వేటివ్‌లే. అందుకని ఉన్నదున్నట్టు రాయండి: "సోడియం బెంజోయేట్ కలపలేదు. ఉప్పు, నూనె, ఆవపిండితోనే నిలవ ఉంటుంది." చదివినవాళ్లకు విషయం తెలుస్తుంది, ఎవరు అడిగినా మనం నిలబడగలం.

ఆరోగ్యం గురించి ఒక్క ముక్క కూడా వద్దు. జీర్ణశక్తి, ఇమ్యూనిటీ, షుగర్, గుండె, ఈ మాటలు మా పేజీలో కనబడకూడదు. జబ్బు తగ్గిస్తుంది, రాకుండా ఆపుతుంది అని ఆహారం గురించి రాయడం చట్టప్రకారం తప్పు. అది పక్కన పెట్టినా, ఇంత ఉప్పున్న వస్తువును ఆరోగ్యం పేరుతో అమ్మడం నాకు సమ్మతం కాదు. బీపీ ఉన్నవాళ్లు ఫోన్ చేసి అడిగితే, తక్కువగా వేసుకోండి, మీ డాక్టరు గారిని అడగండి అనే మేం చెబుతాం.

ఇక "అమృతం", "అసలు సిసలు", "నోరూరించే", "ఆహా ఏమి రుచి". ఇవి ఏ చట్టానికీ అడ్డం కావు. కానీ ఇవి చదివి ఏ మనిషికీ ఈ ఆవకాయ ఎలా ఉంటుందో తెలియదు. ఒక లైను ఖర్చవుతుంది, అంతే.

నాలుగో పని: ఏ గొంతుతో రాయాలి

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మీ పిన్ని కూతురు ఫోన్ చేసి "ఈసారి ఆవకాయ ఎలా కుదిరింది?" అని అడిగిందనుకోండి. మీరు ఏం చెబుతారు? "ఘాటు బాగా ఉంది, ముక్క ఇంకా గట్టిగానే ఉంది, ఉప్పు సరిపోయింది" అంటారు. అదే గొంతు కావాలి. పెద్దవాళ్లూ చదువుతారు కాబట్టి "మీరు" అనే రాయండి, "నువ్వు" వద్దు. ఆశ్చర్యార్థకాలు వద్దు. వాక్యం చిన్నదిగా ఉండాలి.

కారం, ఘాటు అనే రెండు మాటల్ని కలపకండి. మిరపది కారం, ఆవది ఘాటు. మా ఆవకాయలో ఘాటు ముందు తెలుస్తుంది, కారం తర్వాత వస్తుంది. పిల్లల కోసం కొనేవాళ్లు సరిగ్గా ఈ తేడా కోసమే చదువుతారు.

ప్రాంతాన్ని బట్టి పేర్లు మారతాయి, దాన్ని పట్టించుకోండి. మేం గోంగూర అనేదాన్ని తెలంగాణలో చాలామంది పుంటికూర అంటారు. మేం పచ్చడి అనేదాన్ని తొక్కు అంటారు. అసలు పేరు మా ఊరి మాటలోనే ఉండనివ్వండి, కానీ వివరణలో ఒకసారి "పుంటికూర తొక్కు అని కూడా అంటారు" అని రాయండి. వెతికేవాళ్లకు దొరుకుతుంది, చదివేవాళ్లకు తమ ఇంటి మాట కనిపిస్తుంది. ఇంగ్లీషులో వెతికేవాళ్లు `avakaya` అనీ `avakai` అనీ రెండు రకాలుగా టైప్ చేస్తారు. ఆ రెండూ పేజీ వెనక ఉండే సెర్చ్ పదాల గడిలో పెట్టండి, వాక్యాల్లో ఇరికించొద్దు.

ఐదో పని: రాసి చూడటం

మా దగ్గరకు ఒకసారి వచ్చిన డ్రాఫ్ట్ ఇది:

"అమ్మమ్మ చేతి అసలు సిసలు ఆవకాయ! తాజా మామిడికాయలతో, 100 శాతం సహజమైన గుంటూరు సన్నం కారంతో, ఎలాంటి ప్రిజర్వేటివ్స్ లేకుండా చేసింది. జీర్ణశక్తిని పెంచుతుంది. ఒక్కసారి తింటే వదలరు!"

పైన చెప్పినవన్నీ పక్కన పెట్టుకుని చదవండి. ఇందులో నిలబడే మాట "ఆవకాయ" ఒక్కటే. వెల్లుల్లి ఉందా లేదా, టెంక ముక్కలా, ఏ నూనె, ఎంత బరువు, ఎప్పుడు కలిపింది, వీటిలో ఒక్కటీ లేదు. ఫోన్ చేసేవాళ్లు అడిగేవి సరిగ్గా ఇవే.

అదే సరుకుకు మే చివర నేను పెట్టింది ఇది:

"ఆవకాయ, టెంక ముక్కలు, వెల్లుల్లి లేనిది, 500 గ్రాములు.

ఈ మే నెలలో కలిపిన కొత్తావకాయ. మూత తీయగానే ఆవ ఘాటు తెలుస్తుంది, కారం తర్వాత వస్తుంది. చిన్నరసాలు, కొత్తపల్లి కొబ్బరి కాయలు వాడాం కాబట్టి పులుపు బాగా ఉంటుంది. ముక్క ఇప్పుడు గట్టిగా ఉంటుంది, రెండు మూడు నెలలకు మెత్తబడుతుంది. మెత్తటి ముక్క ఇష్టమైనవాళ్లు ఆగస్టు తర్వాత కొనండి.

మామిడి ముక్కలు, నువ్వుల నూనె, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు. సోడియం బెంజోయేట్ కలపలేదు. ఉప్పు, నూనె, ఆవపిండితోనే నిలవ ఉంటుంది.

ఇందులో ఆవాలు, నువ్వుల నూనె ఉన్నాయి.

తడి లేని గరిటె వాడండి. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద సీసా మూత గట్టిగా పెట్టండి. ముక్కలు నూనెను పీల్చుకుంటాయి. పైన నూనె కనబడకపోతే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లారాక పోయండి."

"ఆగస్టు తర్వాత కొనండి" అనే వాక్యం చూసి మా అబ్బాయి కంగారుపడ్డాడు, అమ్మకం పోతుందని. కొంతమంది నిజంగానే ఆగారు. కానీ ఆ సీజన్‌లో ముక్క గట్టిగా ఉందన్న ఫిర్యాదు ఒక్కటి కూడా రాలేదు. అలాంటి వాక్యం ప్రతి పచ్చడికీ ఒకటి వెతకండి. ఈ పచ్చడి ఎవరికి నచ్చదో చెప్పే వాక్యం అది. మాగాయకు ఏమిటో మీరు తిని చెప్పండి, నాకూ తెలుసుకోవాలనుంది.

ఆ లిస్టింగ్‌లో గరిటె, నూనె గురించిన చివరి వాక్యాల విషయంలో ఒక కారణం చెప్పాలి. బూజు పట్టిందని వచ్చే ఫోన్లలో చాలావరకు పైన నూనె తగ్గిన సీసాలవే, లేదంటే తడి గరిటె పెట్టినవి. నూనె కాచి వేడిగానే పోస్తే ముక్క పైన ఉడికినట్టయి రుచి మారుతుంది, అందుకే "పూర్తిగా చల్లారాక" అన్న మాట తీసేయొద్దు.

పంపే ముందు రెండు చూసుకోండి. పేజీలో ఉన్న బరువు పచ్చడి బరువే కావాలి, గాజు సీసా బరువు అందులో కలవకూడదు. మా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరును లేబుల్ ఫొటో చూసి ఒక్కొక్క అంకె సరిపోల్చండి, పాత పేజీ నుంచి కాపీ చేయకండి. ఒక పేజీలో ఒక అంకె తప్పుపడి ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది.

మీరు మాగాయతో మొదలుపెట్టండి. అది తొక్క తీసిన ముక్కలను ఉప్పు, పసుపులో ఊరేసి, ఊట పోయేలా పిండి తీసి ఎండబెట్టి, ఆ ఊటలోనే మళ్లీ కలిపేది. ఆవకాయలా అందులో ఆవపిండి ఉండదు, కానీ తాలింపులో ఆవాలు ఉంటాయి. ఇంగువ ఉంది కాబట్టి గోధుమ కూడా అలర్జీ లైనులోకి వస్తుంది. సీసా బుధవారానికి మీకు చేరుతుంది. ఆ పై బుధవారం సాయంత్రం నాలుగు తర్వాత ఫోన్ చేయండి. అప్పటికి షెడ్డులో పని అయిపోతుంది, మాగాయ పెట్టే ఆవిడే మీతో మాట్లాడతారు. డ్రాఫ్ట్ ఆ తర్వాతే పంపండి.